అద్దె డబ్బు: మా సంఘం నేర్చుకున్న లెక్క

పోయిన సంవత్సరం మా సంఘం బ్యాంకు వాయిదా తప్పేంత పని అయ్యింది. కారణం ఒక్క ఫ్లాటు. ఆ సంగతే చెప్తాం.

మా సంఘంలో ఒక అక్కకు ఆయన పోయాక మిగిలింది రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు. తను పుట్టింట్లో ఉంటూ దాన్ని నెలకు 9,000కు అద్దెకిచ్చింది. లింకేజీ లోను తీసుకున్నప్పుడు మేమందరం కలిసే లెక్క వేశాం. నెలనెలా 9,000 వస్తుంది కదా, 8,500 వాయిదా కట్టేస్తుందిలే అనుకున్నాం. తప్పు అక్కడే చేశాం.

జూన్‌లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. వాళ్లకు 18,000 అడ్వాన్సు తిరిగివ్వాలి. అది ఎప్పుడో పిల్ల కాలేజీ ఫీజుకి అయిపోయింది. అదే వారంలో కింది ఫ్లాటువాళ్లు వచ్చి, మీ బాత్రూం నీళ్లు మా సీలింగులోకి దిగుతున్నాయన్నారు. బాగు చేయించడానికి 14,000 అయ్యింది. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంది. మనుషులుంటే అపార్టుమెంటు మెయింటెనెన్సు 1,000 వాళ్లే కట్టేవాళ్లు. ఖాళీగా ఉంటే ఓనరే కట్టాలి. అంటే ఖాళీ నెలలో అద్దె రాకపోవడమే కాదు, ఎదురు ఖర్చు కూడా ఉంటుంది.

వాయిదాలతో కలిపి 51,000 కావాల్సి వచ్చింది. గడువులో కట్టకపోతే సంఘం మొత్తానికి వడ్డీ రాయితీ పోతుంది. పొదుపులోంచి 40,000 అప్పు ఇచ్చాం. మిగతాదానికి అక్క చెవికమ్మలు తాకట్టు పెట్టింది.

తర్వాత మీటింగులో కూర్చుని మళ్లీ లెక్క రాశాం. సంవత్సరంలో ఒక నెల ఖాళీ తప్పదనుకున్నాం. 9,000ను పన్నెండుతో భాగిస్తే 750. రిపేర్లకు 1,000. రాయితీ పోగా ఇంటి పన్ను ఏడాదికి 3,600, అంటే నెలకు 300. మొత్తం 2,050. ఆగస్టులో కొత్తవాళ్లు వచ్చినప్పటి నుంచి అద్దె పడిన రోజే ఈ 2,050 వేరే ఖాతాలో వేయిస్తున్నాం. కొత్త అడ్వాన్సు 18,000 కూడా అందులోనే ఉంచాం. అడ్వాన్సు మన డబ్బు కాదు, మన దగ్గర ఉన్న వాళ్ల డబ్బు. అక్క చేతికి వచ్చేది 6,950 మాత్రమే. వాయిదాకు తక్కువ పడిన 1,550 కుట్టు మిషను మీద సంపాదించి కడుతోంది.

నీళ్లు దిగడం గురించి మేస్త్రీ మాకు ఒక మాట చెప్పాడు. స్నానాలు చేసిన తర్వాతే కింద చెమ్మ పెరుగుతుంటే నీళ్లు నేల సందుల్లోంచో, నీళ్లు పోయే జాలీ చుట్టూనో దిగుతున్నట్టు. ఎవరూ వాడకపోయినా చెమ్మ ఆరకపోతే గోడలోని నీళ్ల పైపు కారుతున్నట్టు. మాది మొదటి రకం. టైల్సు మధ్య సిమెంటు ఊడిపోయిందని ముందువాళ్లు ఏడాది క్రితమే చెప్పారట. అప్పుడే సందులు పూడిస్తే తక్కువలో పోయేది. వాయిదా వేశాం కాబట్టి టైల్సు పగలగొట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఇల్లు ఖాళీ అయిన ప్రతిసారీ రంగులకన్నా ముందు బాత్రూం నేల చూస్తున్నాం.

ఆదాయపు పన్ను అంటే కూడా భయపడ్డాం. లెక్క ఇలా ఉంది. ఏడాదిలో 11 నెలలు అద్దె వస్తే 99,000. అందులో తను కట్టిన ఇంటి పన్ను 3,600 తీసేస్తే 95,400. దానిలో 30 శాతం, అంటే 28,620, రిపేర్ల కింద ప్రభుత్వమే మినహాయిస్తుంది. మిగిలిన 66,780 మాత్రమే ఆదాయం. రిపేరుకు ఎంత ఖర్చయినా మినహాయింపు ఆ 30 శాతమే, 14,000 బిల్లు విడిగా చూపడానికి లేదు. 2025-26 సంవత్సరానికి కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు పన్ను లేదు కాబట్టి అక్కకు పన్ను పడదు. కానీ కుట్టు ఆదాయం, వేరే ఆదాయం ఉంటే అన్నీ కలిపే చూడాలి. ఇంటి పన్ను రశీదు మాత్రం దాచుకోవాలి.

ఈ మే నెలాఖరుకు పది నెలల్లో 20,500 చేరింది. ఏప్రిల్‌లో ఇంటి పన్ను కట్టగా 16,900 మిగిలింది. అప్పుడే ఆ కొత్తవాళ్లకు ట్రాన్స్‌ఫర్ అయ్యి వెళ్లిపోయారు. 18,000 అడ్వాన్సు అదే రోజు చేతికిచ్చాం. జూన్ నెల ఖాళీ. అక్క చేతికివ్వాల్సిన 6,950, మెయింటెనెన్సు 1,000 ఆ ఖాతాలోంచే ఇచ్చాం. రంగులకు 6,000 అయ్యింది. మిగిలింది 2,950.

ఇది చాలదని మాకూ తెలుసు. మళ్లీ 14,000 రిపేరు వస్తే ఆ ఖాతా తట్టుకోలేదు. అందుకే జూలైలో వచ్చినవాళ్లు పెంచి ఇస్తున్న 500ను అక్క చేతికివ్వకుండా ఆ ఖాతాలోనే వేస్తున్నాం. నాలుగు నెలల అద్దె, అంటే 38,000, జమయ్యేవరకు అంతే అని తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం. జూన్ వాయిదా మాత్రం తారీఖుకే కట్టాం. ఈసారి పొదుపు ముట్టుకోలేదు, కమ్మలూ విడిపించుకున్నాం.