ఏజెంటు ప్రొఫైల్లో ఏం రాయాలి?

ఇళ్ల వెబ్‌సైట్లో ఏజెంటుగా మీ ప్రొఫైల్ పెడుతున్నారా? "నమ్మకమే మా పెట్టుబడి" అని మాత్రం రాయకండి. అది అందరూ రాసేదే!

మీ ఏరియా గురించి రాయండి. మీది కూకట్‌పల్లి అనుకుందాం. మీరు చూసే వీధికి మంజీరా నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తాయి? ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరేనా? వానకు సెల్లార్‌లో నీళ్లు నిలుస్తాయా? లోపం కూడా చెప్పండి. అప్పుడే మిగతాదీ నమ్ముతారు.

ఇక చేసిన డీల్స్. వందల్లో చేశామంటే ఎవరూ నమ్మరు. ఒక్కటే వివరంగా చెప్పండి. ఉదాహరణకు, పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. ఈసీ తీస్తే బ్యాంకు తనఖా బయటపడింది. అమ్మేవారి చేత అప్పు కట్టించి, తనఖా విడుదల చేయించి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ చేయించారు. ఇంతే రాయండి. పార్టీల పేర్లు, ఫ్లాటు నంబరు వద్దు.

మీ రెరా రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం తప్పక పెట్టండి. కొనేవాళ్లు దాన్ని రెరా సైట్లో సరిచూసుకోవచ్చు.