తీగ తెగకుండా ఆకాశం తీసేయడం

మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని ఫొటో తీస్తే చిమ్నీలతో పాటు టవర్లు, కరెంటు తీగలు, యాంటెనాలు కూడా పడతాయి. వెనుక ఆకాశాన్ని మ్యాజిక్ వాండ్‌తో తీసేస్తే తీగలు ముక్కలవుతాయి. దూరపు తీగ ఒక్కోసారి పిక్సెల్ కన్నా సన్నం. ఆ పిక్సెల్‌లో తీగ నలుపు, ఆకాశపు నీలం కలిసిపోతాయి. వాండ్ దాన్ని పూర్తిగా ఉంచుతుంది, లేదా పూర్తిగా తీసేస్తుంది. అంచును మెత్తబరిస్తే చాలదా అంటారు. అంత సన్నని తీగను ఆ మెత్తదనమే మింగేస్తుంది.

అందుకే మాస్క్‌ను ఫొటోలోంచే తయారుచేయాలి. నీలి ఛానెల్‌లో ఆకాశం తెల్లగా, తీగ నల్లగా ఉంటుంది. ఆ ఛానెల్ నకలు తీసి, లెవెల్స్‌తో తెలుపు నలుపుల తేడా పెంచి, తిరగేసి మాస్క్‌గా పెట్టాలి. అంచున కొంత బూడిద రంగు మిగలనివ్వాలి, సగం పారదర్శకత అదే. లెవెల్స్ మరీ లాగితే మళ్లీ రంపపు పళ్లే. చిమ్నీకి తెల్ల పట్టీలుంటే అవీ ఆకాశంతో పాటే పోతాయి కనుక వాటిని బ్రష్‌తో పూడ్చాలి. మబ్బు పట్టిన రోజున కూడా ఆకాశం తీగకన్నా వెలుగుగానే ఉంటుంది కాబట్టి పద్ధతి పనిచేస్తుంది. చివరగా కింద ఎర్రటి పొర పెట్టి చూస్తే కంతలు, తీగ వెంట మిగిలిన నీలి చారలు ఇట్టే బయటపడతాయి.