పాత సొత్తు, కొత్త సొత్తు: ఉమ్మడి పరిశోధన ఒప్పందంలో పంపకం



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు రసాయనశాస్త్రం చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇవాళ చౌటుప్పల్ నుంచి జడ్చర్ల దాకా మందుల కంపెనీల్లో, ఇంటర్మీడియట్ల యూనిట్లలో పనిచేస్తున్నారు. అందుకని వాళ్ల బల్లల మీదికి తరచూ వచ్చే కాగితం గురించే మాట్లాడదామనుకున్నాను. రెండు సంస్థలు కలిసి ఒక కొత్త ప్రక్రియనో, కొత్త మందునో తయారుచేయాలని రాసుకునే ఒప్పందం అది. అందులో ధర, గడువు, చెల్లింపుల గురించి అందరూ గట్టిగా బేరమాడతారు. ఎవరి జ్ఞానం ఎవరిదన్న భాగానికి వచ్చేసరికి ‘ఫలితాలు ఉభయులకూ ఉమ్మడి’ అని ఒక్క వాక్యం రాసి సంతకాలు చేసేస్తారు. తగవు పుట్టేది ఆ వాక్యం దగ్గరే.

మన రాష్ట్రంలోనే జరిగిన, అందరికీ తెలిసిన ఉదాహరణతో మొదలుపెడతాను. కోవాగ్జిన్ టీకా కోసం 2020లో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఒప్పందం చేసుకున్నాయి. వాటిలో ఒకటి ప్రైవేటు కంపెనీ, రెండోది ప్రభుత్వ సంస్థ. అయినా రెండు కంపెనీల మధ్య వచ్చే ప్రశ్నలన్నీ అక్కడా వచ్చాయి.

ఆ టీకాను విప్పి చూస్తే వేర్వేరు చోట్ల పుట్టిన జ్ఞానం కనిపిస్తుంది. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ రోగి నమూనా నుంచి వైరస్‌ను వేరుచేసి ఇచ్చింది. అది ఐసీఎంఆర్ కిందున్న సంస్థ. వైరస్‌ను వెరో కణాల్లో పెద్ద ఎత్తున పెంచి, దాన్ని నిర్జీవం చేసి టీకాగా మలిచే విద్య భారత్ బయోటెక్‌కు ముందునుంచే ఉంది. టీకాకు బలం చేకూర్చే అడ్జువెంట్‌లోని కీలక అణువు అమెరికాలోని కాన్సస్ రాష్ట్రానికి చెందిన వైరోవాక్స్ కంపెనీది. దాన్ని లైసెన్సు మీద తీసుకున్నారు. ఈ మూడూ ఒప్పందానికి ముందే ఉన్న సొత్తు. మన ఆఫీసుల్లో దీన్నే బ్యాక్‌గ్రౌండ్ ఐపీ అంటున్నాం. ఈ మూడింటినీ కలిపి, ఏ మోతాదులో ఏ రూపంలో ఇస్తే రక్షణ వస్తుందో తేల్చినప్పుడు పుట్టింది కొత్త సొత్తు, ఫోర్‌గ్రౌండ్ ఐపీ.

మేధో హక్కులు ఇద్దరివీ అని, నికర అమ్మకాలపై ఐసీఎంఆర్‌కు రాయల్టీ వస్తుందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆ రాయల్టీ 5 శాతం. ఇంతవరకు బాగానే ఉంది. కాని భారత్ బయోటెక్ పేటెంటు దరఖాస్తు వేసినప్పుడు అందులో ఐసీఎంఆర్ పేరు లేదు. ఈ సంగతి 2024లో బయటపడింది. కావాలని చేసింది కాదని, ఒప్పందం ప్రతి రహస్య పత్రం కావడంతో అందుబాటులో లేక ఐసీఎంఆర్ పేరు చేరలేదని, దాన్ని సహ యజమానిగా చేర్చే పని మొదలుపెట్టామని కంపెనీ ఆ ఏడాది జూన్‌లో ప్రకటించింది.

ఇందులో తప్పెవరిదని వెతకడం నా ఉద్దేశం కాదు. నన్ను ఆపింది ఆ కారణం. సంతకాలు చేసినవాళ్లు ఒక గదిలో, పేటెంటు రాసేవాళ్లు ఇంకో గదిలో ఉంటారు. మధ్యలో రహస్యం అనే గోడ. చిన్న కంపెనీల్లో కూడా ఇదే జరుగుతుంది. ఒప్పందం డైరెక్టరు గారి బీరువాలో ఉంటుంది. పేటెంటు ఏజెంటుకు మాత్రం ల్యాబ్ నుంచి నాలుగు పేజీల వివరణ వెళ్తుంది. ధరలు, షరతులు అన్నీ తీసేసి, ఏ రకం ఫలితానికి ఎవరు యజమాని, దరఖాస్తు ఎవరి పేరున పడాలి అన్నది మాత్రం ఒక పేజీలో రాసి ఏజెంటుకు ఇస్తే ఈ చిక్కు రాదు. రహస్యానికీ భంగం కలగదు.

ఇక రెండు కంపెనీల సంగతికి వస్తాను. పేర్లు లేకుండా ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. చౌటుప్పల్‌లో ఒక యూనిట్ ఉంది. నైట్రో సమ్మేళనాన్ని హైడ్రోజన్‌తో అమీన్‌గా మార్చడం దాని పని. బొగ్గుపొడి మీద పల్లాడియం ఎక్కించిన ఉత్ప్రేరకాన్ని వాళ్లే తయారు చేసుకుంటారు, ఆటోక్లేవ్‌లో బ్యాచ్ వెంట బ్యాచ్ నడుపుతారు. జడ్చర్లలో ఇంకో కంపెనీ ఉంది. సన్నటి గొట్టాల్లో ద్రవాన్ని ఆగకుండా పారించి చర్య జరిపించే రియాక్టర్లు దాని ప్రత్యేకత. ఇద్దరూ కలిసి ఆ అమీన్‌ను నిరంతర పద్ధతిలో చేయాలనుకున్నారు.

పని మొదలయ్యాక చిక్కు వచ్చింది. పొడి ఉత్ప్రేరకాన్ని గొట్టంలో నింపితే కొన్ని గంటల్లో సన్న రేణువులు దిగబడి దారి మూసుకుపోతోంది. ప్రవేశం దగ్గర పీడనం పెరిగిపోతోంది. జడ్చర్ల కెమిస్టు ఒకామె ఉత్ప్రేరకాన్ని పొడిగా కాకుండా గుళికలుగా చేసి, పల్లాడియం గుళిక పైపొరలోనే ఉండేలా ఎక్కిస్తే పీడనం నిలకడగా ఉంటుందని, లోహం కూడా ఆదా అవుతుందని కనిపెట్టింది. ఇప్పుడు చెప్పండి, ఈ గుళిక ఎవరిది?

ఒప్పందంలో ‘ఎవరి ఉద్యోగి కనిపెడితే వారిది’ అని ఉంటే గుళిక జడ్చర్ల కంపెనీది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని చౌటుప్పల్ యూనిట్‌కు బతుకుతెరువే ఉత్ప్రేరకం. రేపు తన ఉత్ప్రేరకాన్నే గుళికల రూపంలో అమ్మాలంటే జడ్చర్ల వాళ్ల అనుమతి అడగాలి. అదే ఒప్పందంలో ‘ఎవరి రంగానికి చెందిన మెరుగుదల వారిది, ఎవరు కనిపెట్టినా సరే’ అని ఉంటే గుళిక చౌటుప్పల్‌ది, గొట్టం ఆకృతిలో మార్పు వస్తే అది జడ్చర్లది. రెండూ కలిస్తేనే పనిచేసే ప్రక్రియ మాత్రం ఉమ్మడి. ఇలాంటి పొత్తుల్లో నేను రెండో పద్ధతినే సమర్థిస్తాను. కనిపెట్టిన మనిషి పేరు పేటెంటులో ఆవిష్కర్తగా ఉండాల్సిందే, అది ఆమె హక్కు. యాజమాన్యం వేరే సంగతి.

ఆ యాజమాన్యం చేతులు మారాలంటే కాగితం కావాలి. పేటెంటు హక్కు బదిలీ రాతపూర్వకంగా లేకపోతే చెల్లదని 1970 పేటెంట్ల చట్టం 68వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల జడ్చర్ల కంపెనీకి తన కెమిస్టు దగ్గర నుంచి బదిలీ పత్రం ఉండాలి, అక్కడి నుంచి చౌటుప్పల్ కంపెనీకి మరో పత్రం రావాలి. కాంట్రాక్టు మీద వచ్చిన సలహాదారు, ప్రాజెక్టు చేయడానికి వచ్చిన విద్యార్థి ఉంటే వాళ్లవీ తీసుకోవాలి. ఎక్కువగా తప్పిపోయేది వీళ్ల సంతకాలే.

ఉమ్మడి అని తేల్చిన ప్రక్రియ దగ్గర ఇంకాస్త ఆగాలి. వేరే ఏమీ రాసుకోకపోతే ఏమవుతుందో 50వ సెక్షన్ చెబుతుంది. ఇద్దరికీ సమాన వాటా. ఎవరికి వారు ఆ ప్రక్రియను వాడుకుని సరుకు చేసి అమ్ముకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పనక్కర్లేదు. అయితే రెండోవారి సమ్మతి లేకుండా బయటివాళ్లకు లైసెన్సు ఇవ్వకూడదు, తన వాటాను బదిలీ చేయకూడదు. మన ఊళ్లలో అన్నదమ్ముల ఉమ్మడి బావి లాంటిదే ఇది. ఎవరి పొలానికి వారు తోడుకోవచ్చు, పక్క ఊరి రైతుకు నీళ్లు అమ్మాలంటే మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి.

ఇది మన ఉదాహరణకు అన్వయించి చూడండి. చౌటుప్పల్ వాళ్లకు ప్లాంటు ఉంది. మర్నాడే సరుకు తీసి అమ్ముకుంటారు, జడ్చర్లకు పైసా ఇవ్వనక్కర్లేదు. జడ్చర్ల వాళ్లు సరుకు చేయరు, రియాక్టర్లు అమ్ముతారు. రియాక్టరుతో పాటు ప్రక్రియను కూడా కొనేవాళ్లకు ఇవ్వాలంటే అది లైసెన్సు అవుతుంది, చౌటుప్పల్ సమ్మతి కావాలి. పేరుకు సగం సగం, ఫలం మాత్రం ఒకవైపే. అమెరికాలో చట్టం ఇందుకు భిన్నం. అక్కడ సహ యజమాని రెండోవారిని అడగకుండానే లైసెన్సు ఇచ్చేయవచ్చు. ఒకే ప్రక్రియకు రెండు దేశాల్లో పేటెంటు తీసుకుంటే రెండు చోట్లా రెండు రకాల ఉమ్మడి అవుతుంది. ‘ఉమ్మడి’ అని రాసి వదిలేయడం చాలదని నేననేది ఇందుకే.

దీనికి మందు రంగాల వారీ పంపకం. మందుల ఇంటర్మీడియట్లకు ఆ ప్రక్రియను వాడే హక్కు, లైసెన్సు ఇచ్చే హక్కు చౌటుప్పల్‌కు. పురుగుమందులు, రంగుల తయారీకి ఆ హక్కులు జడ్చర్లకు. ఒకరి రంగంలో రెండోవారి సమ్మతి ఇప్పుడే ఇచ్చేసినట్టు ఒప్పందంలోనే రాసుకోవాలి. ఎప్పుడో అడిగితే ఇస్తామన్న మాట తగవు వచ్చిన రోజున అక్కరకు రాదు.

అయినా పని పూర్తి కాదు. ఉమ్మడి ప్రక్రియ నడవాలంటే చౌటుప్పల్ వారి పాత ఉత్ప్రేరకమూ కావాలి, జడ్చర్ల వారి పాత గొట్టమూ కావాలి. పాత సొత్తు మీద అనుమతి లేకపోతే కొత్త సొత్తు కాగితం మీదే మిగులుతుంది. కాబట్టి కొత్తదాన్ని వాడటానికి ఎంత అవసరమో అంతవరకు, పాతదాన్ని వాడుకునే అనుమతి ఇద్దరూ ఒకరికొకరు ఇచ్చుకోవాలి. ప్రాజెక్టు నడిచేటప్పుడు ఆ అనుమతి ఉచితంగా ఉండొచ్చు. వ్యాపారం మొదలయ్యాక దానికి ధర ఉంటే ఆ ధర ఎంతో, పొత్తు విడిపోయినా, ఒక కంపెనీని మరొకరు కొనేసినా అనుమతి నిలుస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. మీ భాగస్వామిని మీ పోటీదారు కొనుక్కున్న రోజున మీ పాత సొత్తు ఆ పోటీదారు ల్యాబ్‌లోకి వెళ్తుందా అన్నది సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్న.

మరి పాత సొత్తు ఏదో రుజువు చేయడం ఎలా? ఇక్కడే చాలామంది ‘మా కంపెనీకి చెందిన సమస్త సాంకేతిక పరిజ్ఞానం’ అని రాస్తారు. అలా రాస్తే ఏమీ రాయనట్టే. అనుబంధంలో ఒక్కో అంశానికీ పేరు, పత్రం నంబరు, తేదీ ఉండాలి. ‘ఉత్ప్రేరకం తయారీ, ఫలానా బ్యాచ్ రికార్డు, ఫలానా తేదీ నాటి ప్రతి’ అని. లోపలి రహస్యం చెప్పనక్కర్లేదు. ఆ పత్రాన్ని కవరులో పెట్టి సీలు వేసి, ఇద్దరికీ నమ్మకమైన మూడో వ్యక్తి దగ్గర ఉంచవచ్చు. కంప్యూటర్ ఫైలైతే దాని SHA-256 విలువను అనుబంధంలో అచ్చువేస్తే చాలు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది, కాబట్టి ఆ రోజున ఉన్నది ఇదేనని తర్వాత చూపించవచ్చు. లోపలి సంగతి మాత్రం బయటపడదు.

ఇది చేయకపోతే ఏమవుతుందో గుళిక దగ్గరే చూడండి. పల్లాడియం పైపొరలోనే నిలబెట్టే ఉపాయం మా నోటుబుక్కులో ముందే ఉందని చౌటుప్పల్ వాళ్లంటారు. నోటుబుక్కులో తేదీ ఉంది, సాక్షి సంతకం లేదు. అది ప్రాజెక్టు మొదలయ్యాకే పుట్టిందని జడ్చర్ల వాళ్లంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఒకే సమస్య మీద ఇద్దరు మంచి కెమిస్టులు కూర్చుంటే ఒకే ఆలోచన రావడం వింతేమీ కాదు. అనుబంధం లేనప్పుడు ఇద్దరిలో ఒకరు దొంగగా మిగులుతారు. మన పారిశ్రామికవాడల్లో మంచి స్నేహాలు ఇలా చెడటం నాకు బాధ కలిగిస్తుంది.

తగవు రాబోతోందని ముందే తెలిపే గుర్తు ఒకటుంది. ఉమ్మడి సమావేశాల మినిట్స్‌లో ‘చర్చించారు, అంగీకరించారు’ అని మాత్రమే ఉండి, ఏ ఆలోచన ఎవరు చెప్పారో లేకపోతే జాగ్రత్తపడండి. నెలకోసారి ఇద్దరి ప్రతినిధులూ కూర్చుని ఆ నెలలో పుట్టిన ప్రతి ఫలితాన్నీ మీ రంగమా, మా రంగమా, ఉమ్మడా అని మూడింటిలో ఒకదాని కింద రాసి సంతకం చేస్తే అరగంట పని. రెండేళ్ల తర్వాత జ్ఞాపకాల మీద ఆధారపడి అదే పని చేయడం ఎవరి వల్లా కాదు.

చౌటుప్పల్‌లో, పోలేపల్లిలో, ఇంకెక్కడైనా యూనిట్లు నడుపుతున్న మీకు, వాటిలో పనిచేస్తున్న మీకు నాదొక్కటే విన్నపం. మొదటి శాంపిల్ గేటు దాటకముందే పాత సొత్తు అనుబంధం మీద ఇద్దరి సంతకాలూ పడనివ్వండి. ఆ సంతకం లేనంతవరకు శాంపిల్‌ను పంపకండి.