గల్లాపెట్టె తాళంచెవి ఇంకెవరి దగ్గర ఉంది?

ఇటిక్యాలలో ఒక ఎరువుల దుకాణం ఉందనుకుందాం. గల్లాలో 20,000 రూపాయలు తగ్గాయని గుమాస్తా మీద కేసు పెట్టారు. పనివాడు యజమాని సొత్తు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. సాక్షుల విచారణ అయిపోయింది. గుమాస్తా వకీలు ఇప్పుడు ఏం వాదించాలి?

యజమాని కోర్టులో, "డబ్బు తీస్తుంటే కళ్లారా చూశాను" అన్నాడు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో మాత్రం రాత్రి లెక్క చూస్తే తక్కువొచ్చిందనే ఉంది. కళ్లారా చూసినవాడు ఆ మాటే చెప్పడం మరిచిపోతాడా? ఇంత ముఖ్యమైన మాట వదిలేస్తే దాన్ని చట్టం వైరుధ్యంగా లెక్కించవచ్చు. అయితే ఆ తేడాను క్రాస్‌లోనే యజమాని ముందు పెట్టి అడిగి ఉండాలి. తర్వాత దర్యాప్తు అధికారి చేత, "అవును, నాకలా చెప్పలేదు" అనిపించి ఉండాలి. ఆ పని చేయకుండా చివర్లో ఎత్తితే ఆ వాదన నిలవదు.

రెండోది తాళంచెవి. ఇంకో చెవి తన తమ్ముడి దగ్గర ఉంటుందని యజమానే ఒప్పుకున్నాడు. ఆ తమ్ముణ్ని సాక్షిగా పిలవలేదు. డబ్బు గుమాస్తా దగ్గర దొరకనూ లేదు. కళ్లారా చూశానన్న మాట నిలవకపోతే మిగిలేది సందర్భ సాక్ష్యమే. 1984లో శరద్ బిర్దీచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అప్పుడు పనికొస్తుంది: సందర్భ సాక్ష్యం నిందితుడి నేరానికి తప్ప మరో అవకాశానికి చోటివ్వకూడదు.

సాక్షుల మాటల్లో చొక్కా రంగు, పది నిమిషాల తేడా లాంటి చిన్న విషయాలు వదిలేయడమే మంచిది. తమ్ముడే దొంగ అని నిరూపించే భారం కూడా వకీలు నెత్తికెత్తుకోనక్కర్లేదు.