మోడల్ బట్టీ పట్టిన ఫోన్ నంబరు

2020లో కొందరు పరిశోధకులు జీపీటీ-2 అనే భాషా మోడల్ చేత లక్షల ముక్కలు రాయించారు. అనుమానం కలిగిన 1,800 ముక్కలను సరిచూస్తే, 604 శిక్షణకు వాడిన పాఠాల్లోంచి ఉన్నవి ఉన్నట్టుగా వచ్చినవే. ఒక ముక్కలోనైతే ఒక మనిషి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ అన్నీ ఉన్నాయి.

ఒకే పాఠం పదేపదే ఎదురైతే మోడల్ దాన్ని బట్టీ పట్టే అవకాశం ఎక్కువ. అందుకే శిక్షణకు ముందే నకళ్లు ఏరివేసి, ఫోన్, ఆధార్ నంబర్లు తీసేయాలి. అయితే అంకెల వరుస సులువుగా దొరుకుతుంది కానీ, "మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క డాక్టరుగారు" లాంటి మాట దొరకదు. కాబట్టి శిక్షణలో ఏ ఒక్క పాఠమూ మోడల్‌పై మరీ ముద్ర వేయకుండా హద్దు పెట్టి, లెక్కల్లో కొంత యాదృచ్ఛికత కలుపుతారు. దీన్నే డిఫరెన్షియల్ ప్రైవసీ అంటారు. దీనివల్ల మోడల్ పనితనం కొంత తగ్గుతుంది.

ఒకసారి నేర్చినదాన్ని మోడల్ చేత మరిపించడం చాలా కష్టం. అందుకే శిక్షణకు ముందూ, శిక్షణలోనూ జాగ్రత్త పడాలి.