బాకీ అడగడంలో మర్యాద, స్పష్టత

సమస్త స్తోత్రాలూ మనందరి పోషకుడైన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబం పైనా, సహచరుల పైనా శాంతి, శుభాలు కురియుగాక!

సోదర మహాశయులారా! మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో డబ్బు నెల జీతంలా చేతికి రాదు. పంటతో వస్తుంది. పత్తి తీతలప్పుడు కొంత, మిర్చి కోతలయ్యాక కొంత. నడుమ వచ్చే నెలలన్నీ చేబదుళ్ల మీదే సాగుతాయి. కనుక స్నేహితుని వద్ద బాకీ అడగవలసిన అవసరం మనలో చాలామందికి ఏటా కలుగుతుంది. అడగటం తప్పు కాదు. ఎలా అడగాలి అన్నదే నేటి మన అంశం.

ఇటీవల అస్ర్ నమాజు తరువాత ఒక సోదరుడు మా వద్దకు వచ్చి తన ఫోను చూపించాడు. ఆయన కౌలుకు పత్తి వేసే రైతు. నిరుడు ఆగస్టులో తన బాల్యమిత్రునికి మిరప నాటు ఖర్చులకు 40,000 రూపాయలు చేబదులు ఇచ్చాడు. పంట యార్డుకు వేయగానే, ఉగాదిలోపు ఇస్తానని మిత్రుడు మాట ఇచ్చాడు. ఉగాది వెళ్లింది, ఏరువాక వచ్చింది, డబ్బు రాలేదు. ఆయన రాసి, ఇంకా పంపకుండా ఆపుకున్న సందేశం ఇది:

“డబ్బుల సంగతి ఏం చేశావు? ఉగాదికి ఇస్తానన్నావు. ఫోను ఎత్తవు. అవసరానికి ఆదుకున్న వాణ్ణి ఇలాగేనా చూసేది? రేపటికల్లా పంపు.”

“హజ్రత్, ఇది పంపవచ్చునా?” అని ఆయన అడిగాడు. మేము ఆయనతో కూర్చుని ఒక్కొక్క వాక్యాన్నీ పరిశీలించాము. మీకూ ఉపయోగపడుతుందని ఆ సంభాషణ సారాన్ని ఇక్కడ ఉంచుతున్నాము.

మొదటి వాక్యంలో కోపం ఉంది, వివరం లేదు. ఎంత డబ్బో, ఎప్పటిదో చెప్పలేదు. రెండవది నిజం. దానిని ఉంచాలి. మూడవది నింద. మిత్రుడు పొలంలో ఉండి ఫోను ఎత్తకపోయి ఉండవచ్చు, సిగ్గుతోనూ ఎత్తకపోయి ఉండవచ్చు. ఏదో తెలియనప్పుడు దానిని నేరంగా రాయకూడదు. నాలుగవది అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అది చేసిన మేలును ఎత్తిచూపడం. దానం చేసి దెప్పిపొడిస్తే ఆ దానం వ్యర్థమవుతుందని బఖరా సూరా 264వ ఆయత్ హెచ్చరిస్తున్నది. ఆ ఆయత్ దానాన్ని గురించినదే అయినా, అల్లాహ్ ప్రీతి కోసం ఇచ్చిన చేబదులు పుణ్యాన్ని కాపాడుకోదలచినవారు దాని నుంచి పాఠం తీసుకోవాలి. ఇక అయిదవ వాక్యం జరగని పని. మిత్రుని మిర్చి టిక్కీలు శీతల గిడ్డంగిలో ఉన్నాయి. ఒక్క రాత్రిలో అవి డబ్బుగా మారవు.

ఇదంతా విని ఆ సోదరుడు పాత సందేశాన్ని చెరిపి, అక్కడే మరొకటి రాశాడు:

“అస్సలాము అలైకుం భాయ్. మీరు బాగున్నారా? పిల్లలు బాగున్నారా? మీ వైపు వానలు పడ్డాయా? ఆ సంగతి కాస్త గుర్తుంచుకోండి. వీలున్నప్పుడే లెండి, తొందరేమీ లేదు.”

మహాశయులారా! చాలామంది దీనినే మర్యాద అనుకుంటారు. కాని ఇందులోనూ లోపాలు ఉన్నాయి. “ఆ సంగతి” అంటే ఏ సంగతో రాయలేదు. చదివినవాడు వానల గురించి జవాబిచ్చి ఊరుకుంటే అది అతని తప్పు కాదు. “తొందరేమీ లేదు” అన్నది అబద్ధం. జూన్ నెలాఖరుకు ఈయన కౌలు కట్టాలి, పత్తి గింజలు కొనాలి. ఆ అబద్ధాన్ని నమ్మి మిత్రుడు మరో రెండు నెలలు ఆగితే, అప్పుడు పుట్టే కోపానికి ఎవరు బాధ్యులు? మూడవ లోపం సూక్ష్మమైనది. చిన్ననాటి నుంచి “నువ్వు” అని పిలుచుకున్న మిత్రుణ్ణి హఠాత్తుగా “మీరు” అనటం మన మాటతీరులో గౌరవం అనిపించుకోదు, దూరం పెట్టినట్లు ఉంటుంది. మర్యాద క్రియాపదంలో చూపాలి. “పంపు” అంటే ఆజ్ఞ, “పంపగలవా” అంటే అడగటం. “నువ్వు” అలాగే ఉండి, మాట మెత్తబడుతుంది.

ఇక్కడ దైవప్రవక్త (స) కాలంలో మస్జిదులోనే జరిగిన ఒక సంఘటనను గుర్తుచేసుకుందాం. సహీహ్ బుఖారీలోనూ, సహీహ్ ముస్లింలోనూ అది నమోదై ఉంది. కఅబ్ బిన్ మాలిక్ (రజి) తనకు రావలసిన బాకీని ఇబ్నె అబీ హద్రద్ (రజి) వద్ద మస్జిదులో అడిగారు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఇంట్లో ఉన్న దైవప్రవక్త (స) కు ఆ మాటలు వినిపించాయి. ఆయన గది తెర తొలగించి కఅబ్‌ను పిలిచారు. బాకీలో సగం వదులుకోమని చేతితో సైగ చేశారు. కఅబ్ వెంటనే అంగీకరించారు. అప్పుడు రెండవవారిని లేచి మిగిలిన సగం చెల్లించమని ఆదేశించారు.

ఈ తీర్పును గమనించండి. ఇందులో కరుణ ఉంది, అయినా అస్పష్టత లేదు. ఎంత అన్నది తేలింది, సగం. ఎప్పుడు అన్నది తేలింది, ఇప్పుడే. అప్పిచ్చినవారి నుంచి వదులుబాటునూ, అప్పు తీసుకున్నవారి నుంచి చెల్లింపునూ ఆయన ఒకే సందర్భంలో కోరారు. మన సందేశానికి కూడా ఈ రెండు అంశాలే వెన్నెముక: ఎంత, ఎప్పటికి. ఆ రెండూ లేని మృదుత్వం మిత్రుణ్ణి అయోమయంలో పడవేస్తుంది.

చివరకు మేమిద్దరం కలిసి ఇలా రాశాము:

“అస్సలాము అలైకుం భాయ్. ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. నిరుడు ఆగస్టులో మిరప నాటుకు తీసుకున్న 40,000 ఉగాదికి ఇస్తానన్నావు, గుర్తుండే ఉంటుంది. ఈ నెల 30న నేను కౌలు కట్టాలి, పత్తి గింజలు కూడా కొనాలి. 25వ తేదీలోపు పంపగలవా? మొత్తం ఒకేసారి కుదరకపోతే ఇప్పుడు ఎంత ఇవ్వగలవో, మిగిలింది ఏ తేదీకి ఇస్తావో చెప్పు. దాన్నిబట్టి నా ఏర్పాటు నేను చూసుకుంటాను. శుక్రవారం లోపు ఒక మాట రాయి భాయ్.”

ఇందులో సలాము ఉంది, క్షేమసమాచారం ఒక్క వాక్యంలో ముగిసింది. మొత్తం, అది తీసుకున్న నెల, ఇచ్చిన మాట నింద లేకుండా ఉన్నాయి. తన అవసరాన్ని నిజంగా ఉన్నంతే చెప్పాడు. తేదీ కోరాడు. కుదరకపోతే మరో దారి చూపాడు. ఈ చివరి అంశం చాలా ముఖ్యం. మొత్తం ఇవ్వలేనివాడు సిగ్గుతో మౌనం వహిస్తాడు. కొంత ఇవ్వవచ్చని తెలిస్తే నోరు విప్పుతాడు.

తేదీని ఎంచుకోవడంలో కూడా వివేకం కావాలి. మిర్చి రైతు డబ్బు సరుకులో ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన రోజుల్లో అతణ్ణి గట్టిగా అడిగితే అతని వద్ద జవాబు ఉండదు. యార్డు తిరిగి తెరిచాక అడిగితే నాలుగు టిక్కీలు అమ్మి అయినా సర్దగలడు. మా సోదరుని విషయంలో అదే జరిగింది. మరునాడే జవాబు వచ్చింది. ధర పెరుగుతుందని సరుకు ఆపానని, మొహం చెల్లక ఫోను ఎత్తలేదని మిత్రుడు రాశాడు. 25వ తేదీకి 15,000, మిగిలిన 25,000 ఆగస్టు నెలాఖరుకు ఇస్తానన్నాడు. ఈయన అంగీకరించి, ఆ రెండు మొత్తాలనూ తేదీలనూ తిరిగి ఒక వాక్యంలో రాసి పంపాడు. అప్పును రాసి ఉంచుకొమ్మని బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తున్నది. ఇచ్చిననాడు రాయనివారు కనీసం వాయిదా కుదిరిననాడైనా రాసుకోవాలి.

జవాబు రాకపోతే ఏం చేయాలి? రెండు మూడు రోజులు ఆగి, స్వయంగా వెళ్లి ఏకాంతంలో అడగండి. అప్పటికీ తేలకపోతే ఇద్దరూ గౌరవించే ఒక పెద్దమనిషిని వెంట తీసుకెళ్లండి. అంతేకాని నలుగురున్న వాట్సాప్ గ్రూపులో రాయకండి, అతని ఇంట్లోవారికి ఫోను చేయకండి. బాకీ మీ ఇద్దరి మధ్యది, అతని పరువు అతని కుటుంబానిది కూడా. ఆలస్యమైనందుకు ఒక్క రూపాయి అదనంగా అడిగినా అది వడ్డీయే అవుతుందని మరువకండి.

మృదుత్వానికి ఒక హద్దు కూడా ఉంది. నిజంగా ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని బఖరా సూరా 280వ ఆయత్ బోధిస్తున్నది. చేతిలో ఉండి కూడా వాయిదా వేయటం అన్యాయమని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. ఒకసారి ఒక వ్యక్తి ఆయన వద్దకే వచ్చి తన బాకీని పరుషంగా అడిగాడు. సహచరులు అతనిపైకి వెళ్లబోతే ఆయన వారించారు. హక్కు ఉన్నవానికి మాట్లాడే అధికారం ఉందన్నారు. అతనికి రావలసిన ఒంటెకంటే మేలైన ఒంటెను ఇప్పించారు. కనుక బాకీ పడిన సోదరులారా, మీకు వచ్చిన సందేశం కాస్త కటువుగా ఉన్నా దానిని సాకుగా చేసుకోకండి. ఆ రోజే జవాబు రాయండి. డబ్బు లేకపోతే, లేదనీ, ఎప్పటికి ఉంటుందనీ రాయండి.

ఈ వారం మీలో ఎవరైనా అటువంటి సందేశం రాయవలసి ఉంటే, పంపే ముందు ఒకసారి చదవండి. ఎంతో, ఎప్పటికో అందులో ఉన్నాయా అని చూడండి. అదే సందేశం మీకు వస్తే మీ మనసు నొచ్చుకుంటుందా అని కూడా చూడండి.

ఓ అల్లాహ్! మా హక్కును అడిగేటప్పుడు మా నాలుకలను కాపాడు. ఇతరుల హక్కు చెల్లించే శక్తినీ, సంకల్పాన్నీ మాకు ప్రసాదించు. అప్పుల భారం మోస్తున్న మా రైతు సోదరులకు హలాల్ సంపాదనతో వాటిని తీర్చే మార్గం సుగమం చేయి. ఆమీన్.