మడమలో పెరిగిన ఎముక, స్కానింగ్‌లో కనిపించే పొర
(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసే డాక్టర్‌ని కాబట్టి ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. గుండె, షుగర్ గురించి చెప్పేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నేను మడమ నొప్పికే పరిమితమవుతాను. సిమెంటు గచ్చు మీద ముప్ఫై ఏళ్లు నిలబడి పాఠాలు చెప్పిన వాళ్లు ఈ హాల్లో ఉన్నారు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండటం అంటే ఏమిటో వాళ్లకు నేను వర్ణించి చెప్పనక్కర్లేదు.

ఈ నొప్పితో వెళితే ముందు ఎక్స్‌రే తీస్తారు. మడమ ఎముక అడుగున ముల్లులాంటిది కనిపిస్తుంది. "ఎముక పెరిగింది" అంటారు. ఆ మాట విన్న రోజు నుంచి మనిషి అడుగు వేసినప్పుడల్లా ఆ ముల్లు మాంసంలో గుచ్చుకుంటోందనే ఊహించుకుంటాడు. నిజానికి ఆ ముల్లు నేల వైపు చూడదు, కాలి వేళ్ల వైపు చూస్తుంది. చాలామందిలో అది పాదం అడుగున ఉండే గట్టి పొరలో కూడా ఉండదు, ఆ పొరకు పైన ఉన్న చిన్న కండరం మొదట్లో ఉంటుంది. ఏళ్ల తరబడి పడిన ఒత్తిడికి ఎముక వేసుకున్న చిన్న మెట్టు అనుకోండి. నొప్పి అంటే ఏమిటో తెలియని వాళ్ల మడమల్లోనూ అది కనబడుతుంది. వయసు, బరువు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువగా కనబడుతుంది.

మరి నొప్పి ఎక్కణ్ణుంచి? చాలామందిలో ఆ గట్టి పొర నుంచే. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. మడమ ఎముక లోపలి అంచు దగ్గర మొదలై, పాదం వంపు కింద విల్లుకు నారిలా సాగి వేళ్ల దాకా వెళ్తుంది. ఎక్స్‌రేలో ఇది సరిగ్గా తెలియదు, స్కానింగ్‌లో బాగా తెలుస్తుంది. మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు బల్ల అంచు నుంచి బయటికి ఉండేలా చూసి, పొర ఎముకను వదిలే చోట దాని మందం కొలుస్తాం. మామూలుగా అది 4 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. తెల్లని సన్నటి గీతలు పక్కపక్కనే పేర్చినట్టు కనబడుతుంది. జబ్బు పడితే ఉబ్బుతుంది, నల్లబడుతుంది, గీతలు చెదిరిపోతాయి.

ఒక టీచరమ్మ సంగతి చెబుతాను. వయసు 54. కుడి మడమలో ఐదు నెలలుగా నొప్పి. ఎముక పెరిగిందనీ, ఆపరేషన్ చేసి తీసెయ్యాలనీ ఎవరో చెప్పారట. చేతిలో రెండు పాదాల ఎక్స్‌రేలు ఉన్నాయి. రెండింటిలోనూ ముల్లు ఉంది, ఇంచుమించు ఒకే సైజులో. "అమ్మా, ఎడమ కాలు ఎప్పుడైనా నొప్పి పెట్టిందా?" అని అడిగాను. "లేదండీ, అది బాగానే ఉంది" అన్నారు. స్కానింగ్‌లో ఎడమ పొర మందం 3.5 మిల్లీమీటర్లు, కుడి పొర 6.3. ముల్లే కారణమైతే రెండు కాళ్లూ నొప్పి పెట్టాలి. తేడా అంతా పొరలోనే ఉంది. అందుకే నొప్పి ఒక కాలికే ఉన్నా రెండు కాళ్లూ స్కాన్ చేస్తాను.

ఎముకల డాక్టరు గారు ఆమెకు మెత్తని మడమ ఉన్న చెప్పులు, ఒక సాగదీత చెప్పారు. మంచం మీద కూర్చుని, నొప్పి ఉన్న పాదాన్ని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లను వెనక్కి లాగి పదిదాకా లెక్కపెట్టి వదలాలి. అలా పదిసార్లు. ఇది మొదటి అడుగు వేయకముందే చెయ్యాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. దీనితో నెలలు పడుతుంది, రోజుల్లో తగ్గదు. ఆమెకు అంత ఓపిక లేకపోయింది. పరీక్షల కాలం కదా! వేరే చోట రెండు నెలల్లో రెండు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేయించుకున్నారు. నొప్పి చప్పున తగ్గింది. స్టెరాయిడ్ నొప్పినైతే తగ్గిస్తుంది గానీ, పొరను బలహీనపరచి తెగే ప్రమాదాన్నీ పెంచుతుంది. ఒకరోజు బస్సు దిగుతుంటే అరికాల్లో టప్‌మని ఏదో తెగినట్టయింది. పాదం వంపు దగ్గర వాచి, కమిలింది.

మళ్లీ స్కాన్ చేశాను. పొర కింది సగంలో 8 మిల్లీమీటర్ల పొడవున గీతలు తెగి, మధ్యలో నల్లని ఖాళీ కనబడింది. పై సగం గీతలు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు కొనసాగుతున్నాయి. దీన్నే పార్షియల్ టేర్ అంటాం, అంటే పాక్షికంగా తెగడం. ఇక్కడ స్కాన్ చేసేవాళ్లు పొరబడే వీలుంది. ప్రోబ్ కొంచెం వాలినా ఆరోగ్యంగా ఉన్న పొర కూడా నల్లగా కనిపిస్తుంది. ప్రోబ్‌ను నిటారుగా సరిచేస్తే ఆ నలుపు పోవాలి. అడ్డంగా తిప్పి చూసినా అదే చోట మళ్లీ కనబడాలి. అప్పుడే అది చిరుగు. పైగా మందం పెరగడం మెల్లగా జరుగుతుంది, చిరుగు మాత్రం ఒక రోజు, ఒక క్షణం చెప్పగలిగేలా వస్తుంది. రోగి చెప్పే ఆ కథ లేకుండా ఊరికే "టేర్" అని రిపోర్టు రాయడం నాకు ఇష్టం ఉండదు.

ఆమెకు మూడు వారాలు బూటు వేసి పాదం మీద భారం తగ్గించారు. సాగదీతలు ఆపేశారు, ఎందుకంటే తెగిన చోట లాగడం తప్పు. తర్వాత మెల్లగా మొదలుపెట్టారు. నాలుగు నెలలకు నొప్పి లేకుండా బడికి వెళ్లారు. అప్పటికీ పొర మందం 5 మిల్లీమీటర్లు ఉంది. నొప్పి తగ్గాక కూడా మందం చాలాకాలం అలాగే ఉండొచ్చు, దాని కోసం మళ్లీ మళ్లీ స్కాన్ చేయించుకోనక్కర్లేదు. ముల్లును ఎవరూ ముట్టుకోలేదు.

మడమ వెనక నొప్పి సంగతి వేరు. దాన్ని మనవాళ్లు "వెనక నరం" అంటారు గానీ అది నరం కాదు. పిక్క కండరాన్ని మడమకు కట్టే మోకులాంటి అకిలిస్ టెండాన్ అది. మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపు మందం ఉంటుంది. మడమకు రెండు నుంచి ఆరు సెంటీమీటర్ల పైన కదురులా ఉబ్బుతుంది. డాప్లర్‌లో అక్కడ మామూలుగా ఉండని సన్నటి రక్తనాళాలు ఎర్రగా మెరుస్తాయి. ఇక్కడ ఉబ్బుకూ చిన్న చిరుగుకూ తేడా చెప్పడం స్కానింగ్‌లో నిజంగా కష్టం. అదృష్టవశాత్తూ చాలాసార్లు రెండింటికీ మొదట చేసే వైద్యం దాదాపు ఒకటే. ముందు భారం తగ్గించి, ఆ తర్వాత పిక్కకు క్రమంగా బలం పెంచుతూ నెలల తరబడి వ్యాయామం చేయించడం. రెండు కాళ్లకూ నొప్పి లేకుండా ఇది గట్టిగా లావెక్కితే మాత్రం కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. కుటుంబంలో వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు అది ఇక్కడ పేరుకుంటుంది.

పూర్తిగా తెగిపోతే తెలుసుకోవడానికి స్కానింగ్ కూడా అక్కర్లేదు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు నుంచి వేలాడనిచ్చి, పిక్కను పిండాలి. టెండాన్ బాగుంటే పాదం తనంతట తానే కిందికి వంగుతుంది. కదలకపోతే ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వెనక నుంచి ఎవరో తన్నినట్టయింది, తిరిగి చూస్తే ఎవరూ లేరని చాలామంది చెబుతారు. మూత్రంలో మంటకో దగ్గుకో సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి మందులు వాడుతున్నప్పుడు, ముఖ్యంగా అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ బిళ్లలు కూడా మింగేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఆ మందులు వేసుకునే రోజుల్లో మడమ వెనక నొప్పి మొదలైతే నడక మానేసి, మందు రాసిన డాక్టరుకు వెంటనే ఫోన్ చెయ్యండి.